తనఖా పెట్టడానికి ఏమీ లేనప్పుడు ఏ పని పథకానికి ఇముడుతుంది? పిండిమరా, జీడిపప్పా, బట్టల దుకాణమా?

వంశధార_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఒక పంచాయతీ గ్రామం. డిగ్రీ చదివి విశాఖపట్నంలో ఒక సంస్థలో ప్యాకింగ్ విభాగంలో నాలుగేళ్లు పనిచేశాను. అమ్మ ఆరోగ్యం కోసం ఊరికి వచ్చేశాను, ఇక ఇక్కడే ఏదైనా సొంతంగా మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను. నా చేతిలో అరవై వేల రూపాయలున్నాయి. మాకు ఎకరంన్నర పొలం ఉన్నా అది ఇంకా తాతగారి పేరుమీదే ఉంది. పంపకాలు కాలేదు, నాన్నగారి పేరున పాస్‌పుస్తకం లేదు, అందువల్ల బ్యాంకుకు తనఖాగా చూపించడానికి ఏమీ లేదు. నేను వెనుకబడిన తరగతికి చెందినదాన్ని, ఇంకా పెళ్లి కాలేదు.

మూడు ఆలోచనలున్నాయి. పలాస వైపు చూసి వచ్చాక చిన్న జీడిపప్పు యూనిట్ పెట్టాలనిపించింది. నరసన్నపేటలో రెడీమేడ్ దుస్తుల దుకాణం రెండోది. ఊళ్లోనే పిండిమర, కారం మర పెట్టి, వీలైతే పక్కన నూనె గానుగ కూడా నడపడం మూడోది. కొత్త యూనిట్ పెట్టేవారికి కేంద్రం సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే పీఎంఈజీపీ పథకంలో మహిళలకు 35 శాతం సబ్సిడీ వస్తుందని విన్నాను. ఈ మూడింటిలో ఎక్కువ లాభం దేనిలో వస్తుందని నేను అడగడం లేదు. తనఖా లేని మనిషికి, ఈ పథకాల నిబంధనల మధ్య, ఏది నిలబడుతుందో తెలుసుకోవాలన్నది నా ప్రశ్న.

చీపురుపల్లి_కిరాణా

అమ్మా, మీరు అనవసరంగా తిరగకండి. ముద్ర లోనుకు వెళ్లండి. దానికి తనఖా అక్కర్లేదు, సబ్సిడీ కూడా ఉంటుంది, దుకాణానికి కూడా ఇస్తారు. నేను 2019లో కిరాణా కోసం రెండు లక్షలు తీసుకుని వాయిదాలు తప్పకుండా కట్టాను. ఇప్పుడు అదే దుకాణాన్ని పెద్దది చేయడానికి పీఎంఈజీపీలో పది లక్షలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. 35 శాతం అంటే మూడున్నర లక్షలు చేతికి వస్తాయి కదా, ఆ డబ్బుతో ఫ్రిజ్‌లు కొనవచ్చు. దీని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

మాజీ_శాఖాధికారి

ఉత్తరాంధ్రలో వేర్వేరు శాఖల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ దరఖాస్తులను బల్లకు అవతలి వైపు నుంచి చూసినవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా కిరాణా గారికి. ముద్రలో తనఖా ఉండదన్నది నిజం, వ్యాపారానికి ఇస్తారన్నది కూడా నిజం. కానీ అందులో సబ్సిడీ లేదు. అది పూర్తిగా అప్పు. యాభై వేల వరకు శిశు, అక్కడి నుంచి ఐదు లక్షల వరకు కిశోర్, పది లక్షల వరకు తరుణ్ అంటారు. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి ఇరవై లక్షల దాకా కూడా అవకాశం కల్పించారు. మీరు రెండు లక్షలు తీర్చారు కాబట్టి తరువాతి అడుగు ముద్రలోనే సులువుగా పడుతుంది. పీఎంఈజీపీ మొదటి అప్పు కొత్తగా పెట్టే యూనిట్లకే ఇస్తారు, నడుస్తున్న దుకాణాన్ని పెంచుకోవడానికి ఇవ్వరు. పైగా సరుకు కొని అమ్మడమే పనిగా ఉన్న దుకాణానికి మన జిల్లాల్లో ఆ పథకం సాధారణంగా వర్తించదు. సబ్సిడీ చేతికి కూడా రాదు, ఆ సంగతి కింద రాస్తాను.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్న. పీఎంఈజీపీ 2022 మార్గదర్శకాల ప్రకారం తయారీ యూనిట్‌కు యాభై లక్షల వరకు, సేవా యూనిట్‌కు ఇరవై లక్షల వరకు ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తారు. మీరు మహిళ, వెనుకబడిన తరగతి, యూనిట్ పంచాయతీ పరిధిలో ఉంటుంది. కాబట్టి మీ సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 35 శాతం. ఇదే యూనిట్ పురపాలక సంఘం పరిధిలోకి వస్తే సబ్సిడీ 25 శాతానికి తగ్గిపోతుంది. పలాస-కాశీబుగ్గ పురపాలక పరిధిలో షెడ్డు అద్దెకు తీసుకునేవారు ఈ ఒక్క విషయాన్ని పట్టించుకోకపోవడం వల్ల పది శాతం వదులుకుంటారు.

అసలు తెలుసుకోవలసింది సబ్సిడీ వచ్చే తీరు. బ్యాంకు మీకు 95 శాతం అప్పుగా ఇస్తుంది. ప్రభుత్వం పంపే 35 శాతాన్ని బ్యాంకు మీ పేరున ఒక డిపాజిట్‌గా మూడేళ్లు పక్కన ఉంచుతుంది. దానిపై మీకు వడ్డీ రాదు, అంతే మొత్తానికి సమానమైన మీ అప్పుపై బ్యాంకు కూడా వడ్డీ వేయకూడదు. మూడేళ్ల తరువాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితే ఆ డిపాజిట్‌ను మీ అప్పులో జమ చేస్తారు. తనిఖీకి వచ్చేసరికి యూనిట్ లేకపోతే ఆ డబ్బు ప్రభుత్వానికి వెనక్కి వెళ్తుంది, అప్పు మొత్తం మీమీద ఉంటుంది. కాబట్టి మీరు ఎంచుకునే పని మూడేళ్లు ఆగకుండా నడవగలదా అన్నదే మొదటి పరీక్ష. ఏడాదిలో ఎక్కువ లాభం ఇచ్చి రెండో ఏడాదిలో ఆగిపోయే పనికి ఈ పథకం మేలు చేయదు.

రెండో విషయం, ఈ పథకం యంత్రాల కోసం తయారైనది. స్థలం ధరను ప్రాజెక్టులో చూపకూడదు. యంత్రం డబ్బు మీ చేతికి ఇవ్వరు, నేరుగా సరఫరాదారు ఖాతాకు వేస్తారు. యంత్రం కొనుగోలు ఏమీ లేకుండా కేవలం సరుకు కోసం అడిగే ప్రాజెక్టును తీసుకోరు. కాబట్టి మీ పెట్టుబడిలో ఎక్కువ భాగం యంత్రంలో ఉంటే పథకం మీ వెంట నిలుస్తుంది. సరుకులో గాని, ఊళ్లో ఇచ్చే అరువుల్లో గాని ఉంటే మొదటి ఆరు నెలల్లోనే మీరు ఒంటరివారవుతారు. మీ మూడు ఆలోచనలనూ ఈ కొలతతో చూడండి.

పలాస_బోర్మా

జీడిపప్పు గురించి నేను చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో రెండు తరాలుగా ఇదే పని. మాజీ శాఖాధికారి గారు చెప్పిన కొలత జీడిపప్పుకు సరిగ్గా సరిపోతుంది.

యూనిట్‌ను చూసి వచ్చినవారికి బాయిలరు, కటింగ్ బల్లలు, పప్పును వేడితో ఆరబెట్టే బోర్మా, తొక్క తీసే యంత్రం కనిపిస్తాయి. ఇవన్నీ కలిపి చిన్న స్థాయిలో ఐదారు లక్షల్లో అమర్చుకోవచ్చునని అనుకుంటారు. కనిపించనిది గోదాములోని గింజ. మాకు ఎనభై కిలోల బస్తా లెక్క. రోజుకు రెండు బస్తాలు మాత్రమే కోసే అతి చిన్న యూనిట్‌ను ఊహించుకోండి. నెలకు పాతిక పనిదినాలకు యాభై బస్తాలు కావాలి. లెక్క కోసం బస్తా పదకొండు వేలనుకుంటే నెలకు ఐదున్నర లక్షల గింజ. మన ప్రాంతంలో పంట మార్చి నుంచి మే వరకే వస్తుంది. ఆ మూడు నెలల్లో ఆరు నెలల గింజ కొని ఎండబెట్టి నిల్వ చేసుకోవాలంటే మూడు వందల బస్తాలు, ముప్పై మూడు లక్షలు. కొనకపోతే వర్షాకాలంలో వ్యాపారి చెప్పిన ధరకు తీసుకోవాలి, లేదా విదేశాల నుంచి దిగుమతి చేసుకునేవారి మీద ఆధారపడాలి.

సుమారు నాలుగు కిలోల గింజకు కిలో పప్పు వస్తుంది. అందులో గుండ్లు ఎన్ని, బద్దలు ఎన్ని, ముక్కలు ఎన్ని వచ్చాయన్నదాని మీదే లాభం ఉంటుంది. కటింగ్‌లో చేయి కుదరని కొత్తవారు మొదటి నెలల్లో ముక్క ఎక్కువ తీస్తారు. గింజకు ఎండ చాలకపోయినా, ఆవిరి ఎక్కువైనా అదే జరుగుతుంది. ఐదు లక్షల ప్రాజెక్టు తీసుకున్న మనిషి ముప్పై లక్షల సరుకు వ్యాపారంలోకి అడుగుపెడుతున్నాడన్నమాట. మా బజారులో పీఎంఈజీపీ బోర్డు పెట్టుకుని, గింజ కొనలేక, షెడ్డును పెద్ద వ్యాపారికి అద్దెకిచ్చినవారిని నేను చూశాను.

అయితే ఒక దారి ఉంది. సొంత గింజ కొనకుండా, పెద్ద యూనిట్ల గింజను కూలికి కోసి ఇవ్వడం, తొక్క తీసి గ్రేడింగు చేసి ఇవ్వడం. కిలోకు ఇంత అని కూలి వస్తుంది, సరుకు ధర పడినా లేచినా మనకు సంబంధం లేదు. తనఖా లేనివారికి ఇది సరిపోతుందని నా అభిప్రాయం.

మాజీ_శాఖాధికారి

బోర్మా గారి లెక్కను ప్రతి శాఖలోనూ గోడకు అంటించాలి. కూలి పని గురించి మాత్రం నాకు ఒక సందేహం ఉంది. పని ఇచ్చే వ్యాపారి ఒక్కడే అయితే మీ వాయిదా అతని చేతిలో ఉన్నట్టే. సీజను ముగిశాక అతను ముందు తన సొంత యూనిట్‌ను నడుపుకుంటాడు, తరువాతే మీకు పంపుతాడు. కనీసం ఇద్దరు ముగ్గురి నుంచి పని ఇస్తామన్న లేఖలు తీసుకుని వచ్చినవారికే నేను ఇలాంటి ప్రాజెక్టులు మంజూరు చేసేవాడిని.

పలాస_బోర్మా

లేఖలు ఇచ్చే వ్యాపారులు మా దగ్గర చాలా తక్కువండీ. నోటి మాట మీదే సాగుతుంది, ఆ మాటను నిలబెట్టుకునేవారూ ఉన్నారు. మీ జాగ్రత్తను కాదనను. కానీ లేఖ లేదన్న కారణంతో మంచి పనివాళ్లకు అప్పు దొరకకుండా పోతోంది.

రాజాం_షామియానా

ఇది తయారీ గురించి నడుస్తున్న చర్చ అయినా, సేవల వైపు నుంచి నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నాకూ తనఖా లేదు. టెంట్ హౌస్ పెట్టాను. కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు, జనరేటరు అన్నీ ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి అద్దె తెస్తాయి. సరుకు కొనడం, అది పాడైపోవడం లేవు. శాఖాధికారి గారు చెప్పిన కొలతకు ఇది ఇమిడింది.

ఇమడనిది వాయిదా. ముహూర్తాలున్న నెలల్లో తీరిక ఉండదు, మూఢం వచ్చిందంటే కుర్చీలు గోదాములోనే ఉంటాయి. బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా అదే తేదీన వస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో వచ్చిన డబ్బును ఖర్చు చేయకుండా ఆషాఢానికి దాచుకోవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంకో సంగతి, మన దగ్గర పెళ్లి అయిన పది రోజులకు అద్దె ఇస్తారు, బంధువులైతే నెల దాటుతుంది. ఇప్పుడు సగం ముందు తీసుకోకుండా కుర్చీ కదపడం లేదు. సోదరి గారు ఏ పని ఎంచుకున్నా, సంవత్సరంలో ఖాళీ నెలలు ఏవో ముందుగా రాసుకుంటే మంచిది.

అడ్డాకు_విస్తరి

కొంచెం బాధతో రాస్తున్నాను, నాలాగ ఇంకొకరు కాకూడదని.

యంత్రం ఉన్న పని మంచిదని ఇక్కడ అందరూ అంటున్నారు. నేనూ అలాగే నమ్మి పేపరు ప్లేట్ల యంత్రం తీసుకున్నాను. సరఫరాదారు ముడి కాగితం తానే ఇస్తానని, తయారైన ప్లేట్లు తానే కొంటానని కాగితం మీద రాసి ఇచ్చాడు. రెండు లోడ్లు కొన్నాడు. మూడోసారి నాణ్యత బాగా లేదని తిప్పి పంపాడు, ఆ తరువాత ఫోను ఎత్తలేదు. యంత్రం ధర గురించి ఆలస్యంగా విచారిస్తే, అదే యంత్రం వేరేచోట మూడోవంతు తక్కువకు దొరుకుతోందని తెలిసింది. మధ్యలో ఒక మనిషి కొటేషన్ కాస్త ఎక్కువ వేయిస్తే మీ సొంత వాటా కూడా అందులోనే సర్దుకుంటుందని చెప్పాడు, దానికి ఒప్పుకున్నాను. సర్దుకున్న ఆ డబ్బు నా అప్పులోనే ఉంది, దానికి వడ్డీ నేనే కడుతున్నాను.

ఇప్పుడు అదే యంత్రం అచ్చులు మార్చి అడ్డాకు విస్తర్లు నొక్కుతున్నాను. సీతంపేట వైపు నుంచి ఆకు వస్తుంది, వంటవాళ్లు కొంటున్నారు. వాయిదా మాత్రం ఇంకా సులువుగా వెళ్లడం లేదు. యంత్రం ఉండడం ఒక్కటే చాలదు, దాని ఉత్పత్తిని మన చుట్టుపక్కల ఎవరు కొంటారో పేర్లతో సహా తెలిసి ఉండాలి.

మాజీ_శాఖాధికారి

మీరు ఇది రాసినందుకు ధన్యవాదాలు. తిరిగి కొంటామనే హామీ సరఫరాదారు నుంచే వస్తోందంటే అతని లాభం యంత్రం ధరలోనే ముగిసిపోయిందని గ్రహించాలి. కొటేషన్లు వేర్వేరు ఊళ్ల నుంచి కనీసం మూడు తెప్పించుకోవాలి. ఆ యంత్రాన్ని ఇప్పటికే రెండేళ్లుగా నడుపుతున్న ఒకరి దగ్గరకు వెళ్లి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతున్నాయో, మరమ్మతుకు ఎవరు వస్తున్నారో అడగాలి. సొంత వాటా లేకుండా పని జరుగుతుందని చెప్పే మధ్యవర్తితో మాట్లాడడమే మానేయాలి.

వంశధార_అమ్మాయి

మీ అందరి సమాధానాలు చదివాక జీడిపప్పును పక్కన పెట్టాను. బట్టల దుకాణానికి సబ్సిడీ లేదు, సరుకు మీదే డబ్బు అంతా ఉండిపోతుంది కాబట్టి అది కూడా ఇప్పుడు కాదు. పిండిమర గురించి మూడు రోజులు తిరిగి ఈ వివరాలు తెచ్చాను.

మా ఊళ్లోనూ ఆనుకుని ఉన్న రెండు గ్రామాల్లోనూ కలిపి ఐదు వందల గడపకు పైగా ఉన్నాయి. ఉన్న ఒక్క మరా పాతది, కారం ఆడించడానికి నరసన్నపేట వెళ్తున్నారు. పిండిమర, కారం యంత్రం, మోటార్లు, స్టార్టర్లు కలిపి 3,20,000. షెడ్డు గచ్చు, వైరింగు, మూడు ఫేజుల కనెక్షను డిపాజిట్టు కలిపి 80,000. షెడ్డు మా పెదనాన్నగారిది, నెలకు రెండు వేలు అద్దె. ఒక పరిచయస్తుడు చేతి పెట్టుబడి కింద రెండు లక్షలు చూపించమన్నారు, సబ్సిడీ పెరుగుతుందట. అలా చేయవచ్చా? నా వాయిదా ఎంత అవుతుంది? అమ్మ కుట్టు పని చేస్తుంది, ఆమె చేతివృత్తులవారికి ఇచ్చే విశ్వకర్మ పథకంలో చేరితే నా దరఖాస్తుకు అడ్డు వస్తుందా?

మాజీ_శాఖాధికారి

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. పీఎంఈజీపీలో కుటుంబం అంటే భార్యాభర్తలు మాత్రమే. కాబట్టి అమ్మగారు విశ్వకర్మ కింద దర్జీగా నమోదై 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయలు తీసుకున్నా మీకు అడ్డు రాదు. ఆ పథకంలో మాత్రం కుటుంబానికి ఒక్కరికే అవకాశం. అక్కడ పెళ్లికాని పిల్లలు కూడా కుటుంబంలోకే వస్తారు.

చేతి పెట్టుబడి రెండు లక్షలు చూపవద్దు. ఎందుకంటే ఆ భాగాన్ని క్యాష్ క్రెడిట్‌గా, అంటే అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే పరిమితిగా ఇస్తారు, మూడేళ్లలో దాన్ని మీరు నిజంగా వాడుకున్నారా అని చూస్తారు. ఒక్కసారైనా పూర్తి పరిమితిని తాకాలి, సగటున 75 శాతానికి తగ్గకుండా వాడాలి. వాడకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. కూలికి ఆడించే మరలో బియ్యం, మిరపకాయలు, చోళ్లు అన్నీ వాడుకరులే తెస్తారు, మీకు సరుకు పెట్టుబడి అవసరమే లేదు. ఈ పనికి ఉన్న గొప్ప బలం అదే, దాన్ని మీరే కాగితం మీద పోగొట్టుకోకండి. 50,000 చాలు. కొంచెం పసుపు, మిరపకాయలు కొని కారం పొట్లాలు కట్టి అమ్మినా ఆ మొత్తం వాడకంలోకి వస్తుంది.

అప్పుడు ప్రాజెక్టు 4,50,000. మీ వాటా 22,500. బ్యాంకు అప్పు 4,27,500. పక్కన ఉండే సబ్సిడీ 1,57,500. వడ్డీ పడేది 2,70,000 మీదే. లెక్క సులువు కోసం మొత్తాన్నీ వాయిదాల అప్పుగా, 11 శాతం వడ్డీకి, ఐదేళ్లకు తీసుకుందాం. కొన్ని శాఖలు వాయిదాను మొత్తం అప్పు మీద కట్టి నెలకు సుమారు 9,300 అంటాయి. 2,70,000 మీదనే కడితే సుమారు 5,900. ఈ తేడా కొత్తవారిని మొదటి ఏడాదిలోనే కుంగదీస్తుంది. మంజూరు లేఖలో వాయిదా దేని మీద లెక్కించారో, సబ్సిడీకి సమానమైన భాగంపై వడ్డీ ఏ తేదీ నుంచి ఆపుతారో, వాయిదాలు మొదలయ్యేలోగా ఎన్ని నెలల గడువు ఇచ్చారో సంతకం చేయకముందే చదవండి.

భద్రంగా ఉండడానికి 9,300నే తీసుకుని చూద్దాం. అద్దె 2,000, కరెంటు 5,000 దాకా, జల్లెళ్లు, బెల్టులు, మరమ్మతులు 1,500. దాదాపు 18,000 అయింది. పిండికి తక్కువ, కారానికి ఎక్కువ తీసుకుంటారు కాబట్టి సగటున కిలోకు 12 రూపాయలు అనుకుంటే నెలకు 1,500 కిలోలు ఆడితే నష్టం లేకుండా నిలబడతారు. మీకు పది వేలు మిగలాలంటే 2,300 కిలోలకు పైగా, అంటే పాతిక పనిదినాల్లో రోజుకు 93 కిలోలు ఆడాలి. గడపకు నెలకు ఆరు కిలోలు వచ్చినా దాదాపు నాలుగు వందల గడపలు మీ మరకే రావాలి. ఐదు వందల్లో నాలుగు వందలు రావడం మొదటి ఏడాదిలో కష్టం. అందుకే కారం యంత్రం నరసన్నపేటకు వెళ్లేవారిని ఎంతమందిని ఆపగలదో దరఖాస్తుకు ముందే ఇళ్లకు వెళ్లి అడిగి తెలుసుకోండి.

షామియానా గారు చెప్పిన ఖాళీ నెలలు ఇక్కడా ఉన్నాయి. సంక్రాంతికి అరిసెల తడిపిండి, ఎండల్లో కారం, పసుపు ఉంటాయి. వానాకాలంలో పని పలచబడుతుంది. కాబట్టి యూనిట్ సంక్రాంతికి ముందు మొదలయ్యేలా చూసుకోండి. ఆన్‌లైన్ దరఖాస్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం పరిశీలన, బ్యాంకు మంజూరు, శిక్షణ అన్నీ కలిసి నెలలు పట్టవచ్చు. రెండు లక్షలు దాటి ఐదు లక్షల వరకు ఉన్న ప్రాజెక్టుకు శిక్షణ ఐదు రోజులే.

తనఖా అడిగితే మర్యాదగానే చెప్పండి. పది లక్షల వరకు సూక్ష్మ, చిన్న యూనిట్లకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితంతో లీడ్ బ్యాంకు మేనేజరును కలవండి.

చీపురుపల్లి_కిరాణా

శాఖాధికారి గారూ, నిబంధన ఉందని మీరంటున్నారు. మా ఊరి కుర్రాడు వెల్డింగ్ షాపు కోసం వెళ్తే తనఖా అడగలేదు, కానీ ఉద్యోగి ష్యూరిటీ తెమ్మన్నారు. ఉద్యోగి ఎవరున్నారని తెస్తాడు? చివరికి బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. నిబంధన కాగితం మీదే ఉంటే ప్రయోజనం ఏమిటి? ఇంకొక ప్రశ్న, మాది విజయనగరం జిల్లా కదా, వెనుకబడినదని కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లా కాబట్టి ఓసీ పురుషులకు కూడా ప్రత్యేక కేటగిరీ సబ్సిడీ వస్తుందని అంటున్నారు, నిజమేనా?

మాజీ_శాఖాధికారి

2018లో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో విజయనగరం ఉంది, ఆ జిల్లాల యూనిట్లకు ప్రత్యేక కేటగిరీ వర్తిస్తుందని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2022లో జిల్లా విడిపోయి పార్వతీపురం మన్యం ఏర్పడింది కాబట్టి మీ మండలానికి ఇప్పుడు ఏది వర్తిస్తుందో పరిశ్రమల కేంద్రంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నోటి మాట మీద సొంత వాటా 5 శాతమే సిద్ధం చేసుకుని వెళ్లి, అక్కడ 10 శాతం అన్నప్పుడు ఆగిపోవడం మంచిది కాదు.

ష్యూరిటీ విషయంలో మీరు చెప్పిన ఇబ్బంది నిజమైనది. ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉన్నా, అప్పు మొండిబకాయి అయితే ఆ గ్యారంటీ సొమ్ము రాబట్టుకోవడం శాఖకు పెద్ద పని, అందుకే మేనేజర్లు పరిచయమైన సంతకం కోసం చూస్తారు. ఇది సమంజసమని నేను అనను. తనఖా లేనివారు శాఖలో కనీసం ఆరు నెలల ముందు నుంచే ఖాతా నడిపితే కొంత మేలు జరుగుతుంది, కానీ అది కూడా అందరికీ పనిచేసిన ఉపాయం కాదు.

పలాస_బోర్మా

గానుగ సంగతి ఎవరూ చెప్పలేదు. నూనెకు వేరుశనగ, నువ్వులు కొని ఉంచాలి కదా, అది మళ్లీ మా జీడిగింజ కథే అవుతుంది. ఆహార శుద్ధి పథకంలో దానికి 35 శాతం ఇస్తారని విన్నాను.

మాజీ_శాఖాధికారి

అవును, పీఎంఎఫ్‌ఎంఈలో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షలు. కానీ అక్కడ సొంత వాటా కనీసం 10 శాతం పెట్టాలి. ఒక పథకంలో సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ ఇవ్వరు కాబట్టి వరస ముఖ్యం. అమ్మాయి మర పెట్టి, మూడేళ్లు నడిపి, సబ్సిడీ జమ అయ్యి అప్పు తీరాక గానుగకు పీఎంఈజీపీలోనే రెండో అప్పు అడగవచ్చు. అప్పుడు సబ్సిడీ 15 శాతమే ఉంటుంది. అయితే అప్పటికి ఆమెకు మూడేళ్ల ఖాతా చరిత్ర ఉంటుంది, నూనె ఎవరు కొంటారో కూడా మరకు వచ్చేవారిని చూసి తెలిసిపోతుంది. ఈలోగా గానుగ కావాలనుకుంటే వినియోగదారుడు తెచ్చిన గింజనే ఆడించి కూలి తీసుకోవాలి.

అడ్డాకు_విస్తరి

సోదరి గారికి ఒక్క మాట. యంత్రం ఆర్డరు చేయకముందే మూడు ఫేజుల కనెక్షను సంగతి తేల్చుకోండి. మా షెడ్డు ఉన్న ట్రాన్స్‌ఫార్మరు మీద వ్యవసాయ మోటార్లు ఎక్కువ. సాయంత్రం వోల్టేజి పడిపోతే మోటారు మూలిగి వేడెక్కి, ఒకసారి వైండింగు కాలిపోయింది. వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాలంటే దాని ఖర్చు కొటేషన్లలో ఎక్కడా ఉండదు.

వంశధార_అమ్మాయి

లైన్‌మన్ గారిని నిన్న సాయంత్రం షెడ్డు దగ్గరకు తీసుకువెళ్లాను. మా వీధి ట్రాన్స్‌ఫార్మరు 25 కేవీఏదని, ఇప్పటికే దాదాపు నిండిపోయిందని చెప్పారు. బడి పక్కన ఉన్న ట్రాన్స్‌ఫార్మరు పెద్దది, దాని మీద లోడు తక్కువ. అక్కడ ఖాళీగా ఉన్న గది అద్దె మూడు వేలట. నెలకు వెయ్యి ఎక్కువైనా, కిలోకు 12 రూపాయల లెక్కన రోజుకు మూడు నాలుగు కిలోలు అదనంగా ఆడితే సరిపోతుంది కాబట్టి అక్కడికే మొగ్గుచూపుతున్నాను. అయితే ఆ గది యజమాని పదకొండు నెలల ఒప్పందమే రాస్తానంటున్నారు. మూడేళ్ల తనిఖీ నాటికి యూనిట్ అదే చిరునామాలో ఉండాలి కదా. బ్యాంకు ఈ ఒప్పందాన్ని అంగీకరిస్తుందా, లేక మూడేళ్లకు రాయించుకోవడానికి ఆయనను ఒప్పించాలా? ఇలా అద్దె గదిలో మొదలుపెట్టినవారు ఎవరైనా ఉంటే ఏ విధంగా రాయించుకున్నారో చెప్పండి.

రాజాం_షామియానా

నా గోదాముకు మూడేళ్లకే రాయించుకున్నాను, ఏడాదికి ఐదు శాతం అద్దె పెంచుతానని ఒప్పుకున్నాక యజమాని సంతకం పెట్టారు. పదకొండు నెలల కాగితాన్ని మా శాఖలో తీసుకోలేదు. మీ శాఖలో తీసుకున్నా, మధ్యలో ఖాళీ చేయమంటే మర ఎత్తుకుని తిరగడం కుర్చీలు మోసినంత తేలిక కాదు. ముందు కరెంటు కనెక్షను మీ పేరున తీసుకోవడానికి ఆయన నిరభ్యంతర పత్రం ఇస్తారేమో కూడా అడగండి.